ఒకే అగ్రిమెంటు, మూడు తగాదాలు: హైకోర్టు ఏది విన్నది, ఏది వినలేదు

నా మొదటి రిట్ పిటిషన్ 214 పేజీలు. అందులో అడిగిన మొత్తం 28,96,210 రూపాయలు, దానిమీద 24 శాతం వడ్డీ. ఆ పైన నన్ను బ్లాక్‌లిస్టులో పెట్టిన ఉత్తర్వు కొట్టేయాలని ఒక ముక్క. అన్నీ ఒకే పిటిషన్‌లో, ఒకే ప్రార్థన కింద. అడ్మిషన్ రోజున జడ్జిగారు నాలుగైదు పేజీలు తిప్పి మా లాయర్‌ని ఒక్కటే అడిగారు: "ఇది హార్డ్ రాకా, మెత్తటి రాయా అన్నది నేను ఇక్కడ కూర్చుని ఎలా తేల్చాలి?"

ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందో అర్థం కావడానికి నాకు చాలా నెలలు పట్టింది. ప్రభుత్వ పనులు చేసే చిన్న కాంట్రాక్టర్లు నాలాగే ఆ కాలం పోగొట్టుకోకూడదని మొత్తం రాస్తున్నాను.

పని పెద్దదేం కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి పూర్తి వాటా ఉన్న ఒక కార్పొరేషన్‌కి పారిశ్రామికవాడ చుట్టూ ప్రహరీ, దాని వెంబడి కాలువ కట్టాలి. 2020 జనవరిలో అగ్రిమెంటు, గడువు 9 నెలలు. లాక్‌డౌన్ వల్ల గడువు పొడిగించారు, 2021 మార్చిలో పని పూర్తయింది. మా అగ్రిమెంటులో ఆర్బిట్రేషన్ లేదు. క్లెయిము 50,000 రూపాయలు దాటితే సివిల్ కోర్టుకే వెళ్లాలని రాసి ఉంది. సంతకం పెట్టేటప్పుడు ఆ పేజీ నేను చదవలేదు.

తగాదాలు మూడు. ఫైనల్ బిల్లు 18,64,210 రూపాయలకు 2021 జులైలోనే పాసైంది, డబ్బు మాత్రం రాలేదు. రెండోది రాయి. కాలువకు తవ్వుతుంటే దాదాపు 1,200 ఘనపు మీటర్లు గట్టి రాయి తగిలింది. పేల్చకుండా పని నడవలేదు. పని కొలతలు రాసే ఎం-బుక్‌లో మాత్రం దాన్ని హెచ్‌డీఆర్‌గా, అంటే శిథిలమై పొడిపొడిగా రాలే రాయిగా రాశారు. రెండు రేట్లకు తేడా ఘనపు మీటరుకు 860 రూపాయలు, మొత్తం 10,32,000. ఇక మూడోది, నన్ను బాగా కుదిపింది: 2022 జూన్‌లో వచ్చిన ఒక కాగితం. రెండేళ్లపాటు కార్పొరేషన్ టెండర్లలో పాల్గొనకూడదని రెండు వాక్యాల ఉత్తర్వు.

మా మొదటి లాయర్ మంచివారు, కష్టపడేవారు. ఆయన లెక్క సూటిగా ఉంది: అవతల ఉన్నది ప్రభుత్వ సంస్థ, రాజ్యాంగం 12వ అధికరణ ప్రకారం అది 'రాజ్యం' కిందికి వస్తుంది, కాబట్టి 226వ అధికరణ కింద హైకోర్టుకు వెళ్లవచ్చు. సివిల్ సూట్ అయితే అడిగిన మొత్తానికి తగ్గట్టు కోర్టు ఫీజు కట్టాలి, ఏళ్లు పడుతుంది. రిట్‌కి నామమాత్రపు ఫీజు చాలు. నాకూ ఆ మాటే నచ్చింది. సైట్ మీద మా బావమరిది కూడా అదే అన్నాడు: "గవర్నమెంటు మీదకి రిట్టే బావా, ఇంకోటి ఎందుకు?"

సగం తప్పు అక్కడే ఉంది. ఎదురుగా ఉన్నది రాజ్యమా కాదా అన్నది మొదటి మెట్టు మాత్రమే. ఆ మెట్టు ఎక్కాక కోర్టు చూసేది వేరు: ఆ సంస్థ నాకు చేసిన తప్పు ఎలాంటిది అని. అగ్రిమెంటులో ఒక పక్షంగా మాట తప్పిందా? లేక రాజ్యానికి ఉన్న అధికారాన్ని ఇష్టమొచ్చినట్టు వాడిందా? మాట తప్పితే అది ప్రైవేట్ లా గొడవ. పక్కింటాయన మేస్త్రీకి డబ్బివ్వకపోతే మేస్త్రీ ఎక్కడికి వెళ్తాడో నేనూ అక్కడికే వెళ్లాలి. అధికారాన్ని ఇష్టమొచ్చినట్టు వాడితే అందరినీ సమానంగా చూడాలనే 14వ అధికరణ దెబ్బతింటుంది, అది పబ్లిక్ లా. రిట్ ఉన్నది దానికోసం.

ఆ రోజు మా లాయర్ పరిస్థితి గమనించి పిటిషన్ వెనక్కి తీసుకుంటామన్నారు. వెంటనే ఇంకో మాట కూడా అడిగారు: తగిన విధంగా మళ్లీ దాఖలు చేసుకునే స్వేచ్ఛ ఇవ్వమని. అది చిన్న మాటలా వినిపించింది కానీ నన్ను కాపాడింది అదే. సర్గుజా ట్రాన్స్‌పోర్ట్ కేసులో సుప్రీంకోర్టు 1986లోనే చెప్పింది: అనుమతి తీసుకోకుండా రిట్ ఉపసంహరించుకుంటే అదే విషయం మీద మళ్లీ రిట్ వేయడానికి వీల్లేదు. ఉత్తర్వులో 'స్వేచ్ఛతో' అన్న మాట పడిందో లేదో కాపీ తెచ్చుకుని కళ్లతో చూసుకోవాలి. నా కాపీలో ఉంది. తేదీ 2022 నవంబరు.

తర్వాత మా ఊరి కాంట్రాక్టరు ఒకాయన చెబితే ఇంకో లాయర్ మేడమ్ దగ్గరికి వెళ్లాను. ఆమె 214 పేజీల కట్టను పక్కన పెట్టి మూడు తెల్ల కాగితాలు తీశారు. ఒకదాని మీద 'బ్లాక్‌లిస్ట్', రెండోదాని మీద 'బిల్లు', మూడోదాని మీద 'రాయి' అని రాశారు. ప్రతిదాని కింద ఒకే ప్రశ్న వేశారు: "ఇందులో వాళ్లు కాదంటున్నది ఏమిటి?"

బ్లాక్‌లిస్ట్ కాగితం కింద నేను చెప్పినవన్నీ విని ఆమె నాకు అంతకుముందు వచ్చిన నోటీసు అడిగారు. అందులో ఉన్నది ఇదే: 'పని నాణ్యతలో లోపాలపై అగ్రిమెంటు ప్రకారం మీపై ఎందుకు చర్య తీసుకోరాదో 7 రోజుల్లో తెలపవలెను'. నేను నాలుగు పేజీల జవాబిచ్చాను. ఉత్తర్వులో ఆ జవాబు ఊసే లేదు.

"బ్లాక్‌లిస్ట్ అన్న మాట నోటీసులో ఎక్కడుందో చూపించండి" అన్నారు మేడమ్. లేదు. "అయితే అంతే సార్, మీ కేసు ఈ కాగితంలోనే ఉంది" అన్నారు.

ఆమె వివరించింది ఇది. ప్రభుత్వంతో వ్యాపారం చేసి తీరాలన్న హక్కు ఎవరికీ లేదు. కానీ ప్రభుత్వం టెండరు పిలిచినప్పుడు అందరితోపాటు సమానంగా పోటీపడే హక్కు ఉంది. బ్లాక్‌లిస్ట్ ఆ తలుపు మూసేస్తుంది, పేరు మీద మచ్చ వేస్తుంది. అందుకే ముందుగా విని తీరాలని 1974లోనే ఎరూసియన్ ఎక్విప్‌మెంట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. విన్నామని పేరుకి నోటీసు ఇస్తే చాలదు. ప్రతిపాదిస్తున్న చర్య బ్లాక్‌లిస్టేనని నోటీసు చదివినవాడికి తెలియాలి. 2014 నాటి గోర్ఖా సెక్యూరిటీ తీర్పు సారం అదే. నా పని నాణ్యత బాగుందా లేదా అని ఇక్కడ కోర్టు తేల్చక్కర్లేదు. నోటీసు, ఉత్తర్వు రెండూ పక్కపక్కన పెట్టి చదివితే చాలు. సాక్షులు అక్కర్లేదు.

బిల్లు కాగితం దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చున్నాం. ఎందుకంటే డబ్బు బాకీ సాధారణంగా సివిల్ కోర్టు వ్యవహారం. కేరళ విద్యుత్ బోర్డు మీద కురియన్ కలత్తిల్ అనే కాంట్రాక్టరు కేసులో 2000లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది: అవతల చట్టబద్ధ సంస్థ ఉన్నంత మాత్రాన అది చేసుకున్న ప్రతి కాంట్రాక్టూ చట్టబద్ధ కాంట్రాక్టు అయిపోదు, షరతుల అర్థం ఏమిటి, ఎంత ఇవ్వాలి అన్న గొడవలకు రిట్ చోటు కాదు. మొదటి పిటిషన్‌కి అవతలి స్టాండింగ్ కౌన్సిల్, అంటే కార్పొరేషన్ తరఫు లాయర్, సిద్ధం చేసుకున్న తీర్పు కూడా అదే.

కానీ 2003 చివర్లో వచ్చిన ఏబీఎల్ ఇంటర్నేషనల్ తీర్పు ఇంకో వైపు చూపిస్తుంది. కజకిస్తాన్‌కి తేయాకు ఎగుమతి చేసిన కంపెనీకి అక్కడి నుంచి డబ్బు రాలేదు. ఎగుమతి రుణ హామీ సంస్థ, అంటే కేంద్ర ప్రభుత్వ బీమా సంస్థ, పాలసీ సొమ్ము ఇవ్వనంది. అది కాంట్రాక్టు గొడవే. అయినా రాజ్యం తరఫు సంస్థ కాంట్రాక్టులో ఉన్నా 14వ అధికరణ దాన్ని వదిలిపెట్టదని, కాగితాలను బట్టే తేలే విషయమైతే రిట్‌లో వినవచ్చని, డబ్బు చెల్లించమని కూడా చెప్పవచ్చని సుప్రీంకోర్టు అంది. వినవచ్చు అన్నారే గానీ వినితీరాలి అనలేదు. ఆ విచక్షణ హైకోర్టుది.

ఈ రెండు తీర్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవని మేడమ్ అంటే మొదట నాకు నమ్మకం కుదరలేదు. ఇప్పుడు కుదిరింది. మొదటిదాంట్లో ఎంత ఇవ్వాలన్నదే గొడవ. రెండోదాంట్లో కాగితాల మీద ఉన్నదాన్ని కాదనడానికి ఆధారం లేదు. కాబట్టి నేను చూపించాల్సింది ఒక్కటే: నా 18,64,210 రూపాయల గురించి అసలు గొడవే లేదని.

దానికోసం సమాచార హక్కు కింద రెండు కాగితాలు తెచ్చాను. ఒకటి నోట్ ఫైలు. దాని చివరి పేజీలో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అంటే ఈఈగారి సంతకం, పైన ఎర్రసిరాతో పాసైన మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ. అక్షరాల్లో రాసిన చోట 'పద్దెనిమిది' తర్వాత 'లక్షల' మర్చిపోయి పైన ఇరికించి మళ్లీ పొట్టి సంతకం పెట్టారు. ఆ దిద్దుబాటు చూసి మేడమ్ సంతోషించారు, జాగ్రత్తగా చదివి పాస్ చేసిన బిల్లని దానితోనే తెలుస్తుందన్నారు. రెండోది నా వినతిపత్రానికి వాళ్లిచ్చిన జవాబు: 'నిధులు విడుదలైన వెంటనే చెల్లింపు జరుగును'. ఇవ్వాల్సిన అవసరం లేదని అందులో ఎక్కడా లేదు. డబ్బు లేదని మాత్రమే ఉంది. ఆ జవాబు ఇంకో విధంగానూ పనికొస్తుంది. దావా వేసే గడువు ముగియకముందు సంతకంతో రాసిచ్చిన ఒప్పుకోలు కాబట్టి, లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం ఆ బాకీకి గడువు అక్కడి నుంచి మళ్లీ మొదలవుతుంది.

ఇక మూడో కాగితం, రాయి. దీని కింద నేను పేజీ నిండా రాశాను: పేలుడు పదార్థాల కొనుగోలు బిల్లులు, ఫోటోలు, కంప్రెసర్ అద్దె రసీదులు. మేడమ్ అన్నీ చదివి, "ఇవన్నీ సాక్ష్యాలు. సాక్ష్యం అంటే అవతలివాళ్లు ప్రశ్నించాలి. ప్రశ్నించే చోటు రిట్ కోర్టు కాదు" అన్నారు. ఎం-బుక్‌లో హెచ్‌డీఆర్ అని ఉంది, దాని కింద నా సంతకం కూడా ఉంది. నిరసనతో సంతకం చేశానని నేనంటాను, కొలతలు రాసిన అసిస్టెంట్ ఇంజనీరు, అంటే ఏఈ, కాదంటాడు. అఫిడవిట్ మీద అఫిడవిట్ వేసుకుంటే ఆ ప్రశ్న తేలదు. వాస్తవాల మీద వివాదం ఉన్నంత మాత్రాన రిట్ తలుపు పూర్తిగా మూసుకోదని ఏబీఎల్ తీర్పే చెప్పినా, బావి లోతు కొలిచే పని తక్కెడతో జరగదు కదా.

2022 డిసెంబరులో రెండు రిట్లు వేశాం, వేర్వేరుగా. ఒక్కోటి 40 పేజీలు దాటలేదు. బిల్లు రిట్‌లో రాయి గురించి ఒక్క వాక్యమే: ఆ క్లెయిము కోసం వేరే మార్గం చూసుకుంటామని. అది దాచకుండా చెప్పడం ముఖ్యమని మేడమ్ పట్టుబట్టారు. దాస్తే కౌంటర్‌లో, అంటే తమ జవాబు అఫిడవిట్‌లో, వాళ్లే బయటపెట్టి, 'చూడండి, మొత్తం లెక్కలన్నీ వివాదంలో ఉన్నాయి' అంటారు. వడ్డీ కూడా 24 శాతం అని రాయలేదు, కోర్టు సబబనుకున్న రేటు అని రాశారు.

బ్లాక్‌లిస్ట్ ఉత్తర్వు అమలును జనవరిలోనే ఆపారు. ఆ మధ్యలో రెండు టెండర్లు వేయగలిగాను, ఒకటి వచ్చింది. 2023 ఆగస్టులో ఉత్తర్వు పూర్తిగా కొట్టేశారు. అయితే, చట్టప్రకారం కొత్త నోటీసిచ్చి, విని, మళ్లీ నిర్ణయం తీసుకోవచ్చని కార్పొరేషన్‌కి వదిలారు. చాలామంది ఇది తెలియక నిరాశపడతారు. రిట్ కోర్టు సాధారణంగా నా పని మంచిదని సర్టిఫికెట్ ఇవ్వదు. నిర్ణయం తీసుకున్న తీరు సరిగ్గా లేదంటుంది. నా విషయంలో వాళ్లు కొత్త నోటీసు ఇవ్వలేదు.

బిల్లు రిట్‌లో వాళ్ల కౌంటర్ నాలుగు పేజీలు. సివిల్ కోర్టుకు వెళ్లాలని అగ్రిమెంటులో ఉంది కాబట్టి రిట్ చెల్లదని మొదటి అభ్యంతరం. దానికి మేడమ్ 2021లో వచ్చిన యూనిటెక్ తీర్పు చూపారు. అది మన నాదర్‌గుల్ భూమి కథే. ఉమ్మడి రాష్ట్రంలో టౌన్‌షిప్ కోసం కంపెనీ 165 కోట్లు కట్టింది, తర్వాత ఆ భూమి మీద ప్రభుత్వానికి హక్కే లేదని తేలింది. అగ్రిమెంటులో ఆర్బిట్రేషన్ ఉన్నా రిట్‌లో ఆ సొమ్ము వడ్డీతో తిరిగిప్పించడాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. వేరే మార్గం ఉండటం ఒక లెక్క, ఆ కారణంగా రిట్ తలుపు పూర్తిగా మూసుకోవడం ఇంకో లెక్క.

వాళ్ల రెండో అభ్యంతరం నిధుల కొరత. జడ్జిగారు ప్రభుత్వ కౌన్సిల్‌ని అడిగారు: "ఈ మొత్తం బాకీ లేదని మీ కౌంటర్‌లో ఏ పేరాలో ఉంది?" కౌన్సిల్ కాసేపు పేజీలు తిప్పారు. ఆ పేరా లేదు. 2023 అక్టోబరులో ఉత్తర్వు వచ్చింది: 18,64,210 రూపాయలు, బిల్లు పాసైన తేదీ నుంచి 6 శాతం వడ్డీతో, 8 వారాల్లో చెల్లించాలి. 8 వారాలు దాటాక కోర్టు ధిక్కార పిటిషన్ వేశాం. ధిక్కారం జరిగిన నాటి నుంచి ఒక సంవత్సరంలోపు అది వేయాలి, నానిస్తే ఆ ఆయుధం పోతుంది. నోటీసు వెళ్లాక 2024 ఫిబ్రవరిలో ఖాతాలో డబ్బు పడింది.

ఈలోగా రాయి గడియారం తిరుగుతూనే ఉంది. చేసిన పనికి సొమ్ము రాబట్టే దావాకి గడువు పని పూర్తయిన నాటి నుంచి 3 ఏళ్లు, కోవిడ్ కాలానికి సుప్రీంకోర్టు ఇచ్చిన మినహాయింపు లెక్కలోకి తీసుకోకపోతే 2024 మార్చి. తప్పు కోర్టులో మంచి నమ్మకంతో గడిపిన కాలాన్ని మినహాయించే 14వ సెక్షన్ ఒకటి లిమిటేషన్ చట్టంలోనే ఉంది. మొదటి రిట్‌లో పోయిన మూడు నెలలకు అది వర్తిస్తుందని వాదించవచ్చు. "వాదించవచ్చు అంటే వాదన ఓడిపోవచ్చని కూడా. మార్చి లోపల వేద్దాం" అన్నారు మేడమ్. నేను ఇద్దరు కాంట్రాక్టర్లను చూశాను, రిట్‌లో 'సివిల్ కోర్టుకు వెళ్లే స్వేచ్ఛ ఉంది' అన్న వాక్యం పట్టుకుని ధీమాగా కూర్చున్నారు. ఆ వాక్యం దారి చూపిస్తుంది, గడువు మాత్రం పెంచదు.

నిర్మాణ కాంట్రాక్టు, 3 లక్షలు దాటిన మొత్తం కాబట్టి దావా కమర్షియల్ కోర్టులో వేయాలి. దానికి ముందు, అత్యవసర ఉత్తర్వు ఏదీ అడగకపోతే, మధ్యవర్తిత్వం తప్పనిసరి. 2023 డిసెంబరులో న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టాను. కార్పొరేషన్ నుంచి ఎవరూ రాలేదు. జనవరిలో మధ్యవర్తిత్వం మొదలే కాలేదని చెప్పే నాన్ స్టార్టర్ రిపోర్టు చేతికొచ్చింది, ఫిబ్రవరిలో దావా నంబరు పడింది. కోర్టు ఫీజు ఈసారి మొత్తానికి తగ్గట్టే కట్టాను.

దావాలో సైట్ చూసి రిపోర్టు ఇవ్వడానికి కోర్టు అడ్వొకేట్ కమిషనర్‌ని నియమించింది, వెంట ఒక రిటైర్డ్ ఇంజనీరు. పోయిన వేసవిలో సైట్‌కి వచ్చారు. ప్రహరీ పక్కన రెండుచోట్ల కాలువ గోడకు ఆనించి గోతులు తవ్వించారు. మొదటి గోతిలో మీటరు లోతు వరకు పొడి రాయి, సమ్మెటతో కొడితే రాలింది. ఏఈ అక్కడే నిలబడి ఏమీ మాట్లాడలేదు. రెండో గోతిలో 70 సెంటీమీటర్ల దగ్గర గునపం ఠంగుమంది. ఇంజనీరుగారు వంగి చేత్తో తడిమారు, పాత డ్రిల్ రంధ్రం సగభాగం రాతి ముఖం మీద నిలువు గాడిలా కనిపించింది. కమిషనర్ టేపు పెట్టి దాని వెడల్పు కొలిచి, ఫోటో తీసి, మా ఇద్దరినీ పిలిచి సంతకాలు పెట్టమన్నారు. ఏఈ పెట్టాడు, నేనూ పెట్టాను. ఈసారి సంతకం పక్కన 'చూశాను' అని కూడా రాశాను.